ఒకే ప్లేటు, మూడు జవాబులు

డిగ్రీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో పెరుగులోని బ్యాక్టీరియాను లెక్కపెట్టే ప్రయోగం ఒకటి ఉంటుంది. పది గ్రాముల పెరుగును 90 మిల్లీలీటర్ల ద్రవంలో కలుపుతారు. అందులోంచి ఒక మిల్లీలీటరు తీసి, 9 మిల్లీలీటర్లున్న పరీక్షనాళికలో వేస్తారు. దానిలోంచి మరో మిల్లీలీటరు తర్వాతి నాళికలోకి వెళుతుంది. ఇలా ఐదు నాళికలు దాటాక, చివరి దానిలోంచి 0.1 మిల్లీలీటరు తీసి ఎంఆర్ఎస్ అగర్ పోసిన ప్లేటు మీద పరుస్తారు. 37 డిగ్రీల వద్ద రెండు రోజులు ఉంచితే ప్లేటు మీద తెల్లని చుక్కలు మొలుస్తాయి. వాటినే కాలనీలు అంటారు.

మూడు ప్లేట్లలో 84, 91, 89 కాలనీలు వచ్చాయనుకుందాం. సగటు 88. ఇక్కడిదాకా తరగతిలో ఎవరికీ పేచీ ఉండదు. పేచీ అంతా వర్క్‌షీట్‌లో ఆఖరి గడి నింపేటప్పుడు వస్తుంది. గ్రాము పెరుగులో బ్యాక్టీరియా ఎన్ని అంటే ఒక బల్ల దగ్గర 88 లక్షలు అంటారు, పక్క బల్ల వాళ్లు 8.8 కోట్లు అంటారు, మూడో బల్ల 88 కోట్లు అంటుంది. పెరుగు ఒకటే, ప్లేట్లూ అవే, క్యాలిక్యులేటర్లు కూడా సరిగ్గానే పనిచేస్తున్నాయి.

ఈ తేడాను చిన్న విషయమని తీసిపారేయలేం. యోగర్ట్‌కు కోడెక్స్ అలిమెంటేరియస్ కమిషన్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ 2003లో ఒక ప్రమాణం పెట్టింది. తోడు వేసిన బ్యాక్టీరియా గ్రాముకు కనీసం కోటి ఉండాలి. మొదటి బల్ల లెక్క ప్రకారం మన పెరుగు ఆ గీత దాటలేదు. మూడో బల్ల ప్రకారం 88 రెట్లు దాటింది.

ముగ్గురిలో ఎవరిది సరైనదో తేల్చడానికి సూత్రం కన్నా ఒక ప్రశ్న ఎక్కువ సాయం చేస్తుంది: ఇప్పుడు ఈ పాత్రలో అసలు సరుకు ఎంత ఉంది? నీళ్లు కలిపితే ద్రవం పెరుగుతుంది గానీ, అందులోని సరుకు పెరగదు, తరగదు. ఉప్పయినా, బ్యాక్టీరియా అయినా అంతే. మోలారిటీ లెక్కలూ పలచన లెక్కలూ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి. అది నిజమో కాదో ప్రయోగం మొదటి మెట్టు నుంచే చూద్దాం. మొదటి మెట్టు పెరుగు కాదు, దాన్ని కలిపే ద్రవం.

మామూలు నీళ్లు ఎందుకు పనికిరావు

స్వేదనజలంలో లవణాలు ఉండవు. బ్యాక్టీరియా కణం లోపల బోలెడన్ని ఉంటాయి. అలాంటి కణాన్ని ఉత్త నీళ్లలో వేస్తే నీరు లోపలికి చొరబడి కణం దెబ్బతింటుంది. దాంతోపాటు గాలిలోని కార్బన్ డయాక్సైడు స్వేదనజలంలో కరిగి, దాన్ని కొంచెం ఆమ్లంగా మారుస్తుంది. అంటే లెక్కపెట్టకముందే కొన్ని బ్యాక్టీరియా చనిపోయే వీలుంది. చచ్చినవి కాలనీలు కట్టవు.

అందుకే ఆహార పరీక్షల్లో బటర్‌ఫీల్డ్ ఫాస్ఫేట్ బఫర్ అనే పలచని ద్రవం వాడుతుంటారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ మాన్యువల్‌లో దాని తయారీ ఉంది. చిక్కని నిల్వ ద్రావణం కోసం 34 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను 500 మిల్లీలీటర్ల నీటిలో కరిగించాలి. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోస్తూ పీహెచ్‌ను 7.2కి తేవాలి. తర్వాత నీళ్లతో సరిగ్గా లీటరు చేయాలి. వాడేటప్పుడు ఈ నిల్వలోంచి 1.25 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేయాలి. వంటకం చూస్తే రెండే రెండు మెట్లు. అయినా తప్పు చేయడానికి చోట్లు చాలానే ఉన్నాయి.

34 గ్రాములంటే ఎన్ని?

రసాయన చర్యలు బరువును చూడవు, సంఖ్యను చూస్తాయి. ఒక ఫాస్ఫేట్ అయానుకు ఒక హైడ్రాక్సైడ్ అయాను ఎదురవుతుంది. ఎన్ని గ్రాములన్నది వాటికి పట్టదు. అయితే అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి తూచి లెక్కపెడతాం. ఆ పద్ధతికి పెట్టుకున్న కట్ట పేరే మోల్. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 136 గ్రాములు తూస్తే ఒక మోల్ వస్తుంది. 34 గ్రాములంటే అందులో నాలుగో వంతు, అంటే పావు మోల్, లేదా 250 మిల్లీమోల్‌లు.

ఈ 250ని గుర్తుంచుకోవాలి. లీటరు ద్రవంలో 250 మిల్లీమోల్‌లు ఉంటే దాని గాఢత 0.25 మోలార్. మోలారిటీ అంటే ఇంతే: లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లున్నాయో చెప్పే సంఖ్య. ఇక్కడ జారిపోయే మాట ‘ద్రావణం’. లీటరు నీటిలో 34 గ్రాములు వేయమని ఎవరూ చెప్పలేదు. ఉప్పు కరిగి, పీహెచ్ కుదిరాక మొత్తం లీటరు కావాలి.

ఈ తేడాను ఉత్త చాదస్తంగా భావించేవాళ్లు సోడియం హైడ్రాక్సైడ్ ఎంత పడుతుందో చూడాలి. ఒక నార్మల్ ద్రావణం అయితే ఇక్కడ దాదాపు 175 మిల్లీలీటర్లు కావాలి. అది రెండు మూడు చుక్కల వ్యవహారం కాదు. ముందే ఫ్లాస్కును లీటరు గీత దాకా నింపేసి, ఆ తర్వాత పీహెచ్ సరిచేయబోతే ద్రవం 1175 మిల్లీలీటర్లకు చేరుతుంది. సరుకు మాత్రం అదే 250 మిల్లీమోల్‌లు. గాఢత 0.25 నుంచి 0.21కి దిగిపోతుంది. వర్క్‌షీట్‌లో 0.25 అని రాసే ఉంటుంది, సీసా మీద చీటీ కూడా అలాగే అతికించి ఉంటుంది. మొదట సగం నీళ్లే పోయమనడానికి కారణం ఇదే: క్షారానికి చోటు మిగల్చడం.

పీహెచ్ ఎలా నిలబడుతుంది

బఫర్ పనితీరు కూడా ఈ సంఖ్యల్లోనే ఉంది. మనం తూచిన ఉప్పులోని ఫాస్ఫేట్ అయాన్‌కు రెండు హైడ్రోజన్లు అంటి ఉంటాయి. ఉప్పు కరిగిన వెంటనే ద్రావణం పీహెచ్ నాలుగున్నర దగ్గర ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ పోసేకొద్దీ ఒక్కో హైడ్రాక్సైడ్ ఒక్కో ఫాస్ఫేట్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుని నీరుగా మారుతుంది. 175 మిల్లీలీటర్లలో 175 మిల్లీమోల్‌ల హైడ్రాక్సైడ్ ఉంది. కాబట్టి 250లో 175 ఫాస్ఫేట్లు ఒక్క హైడ్రోజన్‌తో మిగులుతాయి. 75 మాత్రం ఇంకా రెండు హైడ్రోజన్లతోనే ఉంటాయి.

ఇప్పుడు ఫ్లాస్కులో రెండు రకాలూ పక్కపక్కన ఉన్నాయి. బయటి నుంచి కొంచెం ఆమ్లం వచ్చిందంటే ఒక హైడ్రోజన్ ఉన్న రకం దాన్ని పట్టేసుకుని రెండు హైడ్రోజన్ల రకంగా మారుతుంది. క్షారం వస్తే రెండు హైడ్రోజన్ల రకం వాటిలో ఒకదాన్ని ఇచ్చేస్తుంది. రెండింటి నిష్పత్తి కొంచెమే మారుతుంది కాబట్టి పీహెచ్ కూడా కొంచెమే కదులుతుంది. ఏదో ఒక రకం అయిపోయిందంటే మాత్రం ఆ దన్ను పోతుంది.

ఇందులోనే ఒక మంచి తనిఖీ కూడా దాగుంది. పీహెచ్ 7.2కి రావడానికి ఎంత క్షారం పట్టిందో రాసుకునే అలవాటు చాలామందికి ఉండదు. రాసుకోవాలి. 34 బదులు పొరపాటున 24 గ్రాములు తూచి ఉంటే 175 కాకుండా సుమారు 123 మిల్లీలీటర్లకే మీటరు 7.2 చూపిస్తుంది. దశాంశ బిందువు జారి 3.4 గ్రాములే వేస్తే పదిహేడున్నర దగ్గరే ఆగిపోతుంది. మూడు సందర్భాల్లోనూ పీహెచ్ మీటరు మీద అంకె ఒకటే! పీహెచ్ కుదిరింది కదా అని బఫర్ కుదిరినట్టు కాదు. పీహెచ్ నిష్పత్తిని చెబుతుంది, సరుకు ఎంతుందో చెప్పదు.

క్షారం ఎక్కువ పట్టిందంటే అనుమానించాల్సింది ఉప్పును కాదు, ఆ క్షారాన్నే. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడునూ పీల్చుకుంటాయి. మూత సరిగా పెట్టని డబ్బాలోంచి 40 గ్రాములు తూచి లీటరు చేస్తే అది ఒక నార్మల్ కన్నా తక్కువే ఉంటుంది. 175కు కొద్దిగా అటూ ఇటూ అయితే బెంగపడక్కర్లేదు. సగానికో రెట్టింపుకో పోతే ఆగి చూసుకోవాలి.

పెట్టె: సీసా మీది పేరు చివరిదాకా చదవాలి

బీరువాలో KH₂PO₄, K₂HPO₄ అనే రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక చిన్న అంకె చోటు మారిందంతే. రెండోది తీసి తూస్తే ద్రావణం పీహెచ్ మొదటే తొమ్మిది దగ్గర ఉంటుంది. మనకు కావాల్సింది నాలుగున్నర నుంచి పైకి రావడం. కాబట్టి క్షారం ముట్టుకోకముందే ఒకసారి మీటరు ముంచి చూస్తే ఆ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

అంత సులువుగా దొరకనిది నీటి అణువుల తప్పు. కొన్ని లవణాలు తమ స్ఫటికంలో నీటిని ఇముడ్చుకుని ఉంటాయి. మార్కెట్ యార్డులో వడ్లు కొనేవాడు ముందు తేమ శాతం చూస్తాడు, తడి వడ్ల బస్తా తూకంలో కొంత ఉత్త నీరే కాబట్టి. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కూడా అలాంటిదే. నీరులేని రూపంలో మోల్‌కు 142 గ్రాములు. పన్నెండు నీటి అణువులున్న రూపంలో 358 గ్రాములు. అంటే ఆ స్ఫటికం బరువులో 60 శాతం నీరే. పొడిని చూసి ఏది ఏదో చెప్పలేం, చీటీ మీద చివర్న రాసి ఉన్న 12H₂O ఒక్కటే గుర్తు.

వంద మిల్లీలీటర్ల 0.2 మోలార్ ద్రావణానికి నీరులేని పొడి 2.84 గ్రాములు చాలు. వర్క్‌షీట్‌లోని ఆ 2.84ని పన్నెండు నీళ్ల సీసాలోంచి తూస్తే గాఢత 0.2 బదులు 0.08 దగ్గర ఆగుతుంది. సోడియం ఫాస్ఫేట్లు రెండింటినీ 72, 28 పాళ్లలో కలిపి 7.2 పీహెచ్ తెచ్చే పద్ధతిలో ఇలా జరిగితే మీటరు 6.8 చూపిస్తుంది. అక్కడ చాలామంది చేసే పని కొంచెం క్షారం పోసి 7.2కి ఎక్కించేయడం. అలా చేస్తే తప్పును పట్టిచ్చే ఒకే ఒక ఆనవాలు కూడా చెరిగిపోతుంది. పాళ్ల ప్రకారం కలిపిన బఫర్ పీహెచ్ 0.1కి మించి తప్పితే సవరించడం మాని సీసా చీటీ చదవడం మంచిది.

1.25 మిల్లీలీటర్ల లెక్క

నిల్వ ద్రావణం సిద్ధమైంది. ఇప్పుడు దాన్ని పలచన చేయాలి. పాఠ్యపుస్తకం ఇక్కడ నాలుగు అక్షరాల సూత్రం ఇస్తుంది: మొదటి గాఢత, మొదటి ఘనపరిమాణం, చివరి గాఢత, చివరి ఘనపరిమాణం. సూత్రం మంచిదే. దాన్ని వాడేటప్పుడు ఒక పక్క లీటర్లు, మరో పక్క మిల్లీలీటర్లు వేయడంతోనే గొడవ. అప్పుడు జవాబు సరిగ్గా వెయ్యి రెట్లు తప్పుతుంది. జవాబు వెయ్యి రెట్లు తేడాగా ఉంటే ఇంకేమీ వెతకక్కర్లేదు, ప్రమాణాలే చూసుకోవాలి.

మన ప్రశ్న వేసుకుంటే సూత్రం అక్కర్లేదు. లీటరు నిల్వలో 250 మిల్లీమోల్‌లున్నాయి. 1.25 మిల్లీలీటర్లలో ఎన్ని? మిల్లీలీటరుకు 0.25 చొప్పున, 0.31 మిల్లీమోల్. దాన్ని లీటరు చేశాం కాబట్టి గాఢత 0.31 మిల్లీమోలార్. నిల్వ కన్నా 800 రెట్లు పలచన.

ఇంత పలచని బఫర్ దేన్ని ఆపగలదు? నీటిలో కరిగే కార్బన్ డయాక్సైడును కొంతవరకు తట్టుకోగలదు. పెరుగు పులుపును మాత్రం తట్టుకోలేదు. పది గ్రాముల పెరుగులో లాక్టిక్ ఆమ్లం 0.8 శాతం ఉందనుకుంటే అది 0.9 మిల్లీమోల్‌కు దగ్గర. మనం పోసిన 90 మిల్లీలీటర్ల బఫర్‌లో ఫాస్ఫేట్ 0.03 మిల్లీమోల్ కూడా లేదు. ముప్పై రెట్ల తేడా. కాబట్టి మొదటి సీసా పుల్లగానే ఉంటుంది. రికార్డులో ‘బఫర్ వల్ల పెరుగు పీహెచ్ 7.2 అయింది’ అని రాసేవాళ్లు ఒకసారి ఆ సీసాలో పీహెచ్ కాగితం ముంచి చూడాలి. పులుపులోనే పుట్టి పెరిగిన లాక్టిక్ బ్యాక్టీరియాకు దానివల్ల నష్టం లేదు. తర్వాతి నాళికల్లో ఆమ్లం పదింతలు, వందింతలు పలచనైపోతుంది.

ఒకటికి తొమ్మిదా, ఒకటికి పదా

ఇప్పుడు పెరుగు దగ్గరికి వద్దాం. ‘1:10 పలచన’ అని వర్క్‌షీట్‌లో రాసి ఉంటుంది. దీన్ని కొందరు ఒక పాలు పెరుగు, మొత్తం పది పాళ్లు అని చదువుతారు. కొందరు ఒక పాలు పెరుగు, పది పాళ్ల నీరు అని చదువుతారు. మైక్రోబయాలజీలో మొదటిదే అర్థం: ఒకటికి తొమ్మిది కలపాలి, మొత్తం పది. రసాయనశాస్త్రం చదివి వచ్చినవాళ్లు నిష్పత్తి గుర్తును రెండో రకంగా చదవడంలో వాళ్ల తప్పేమీ లేదు. తప్పు ఆ రాతలోనే ఉంది. ‘1 + 9’ అని రాస్తే ఇద్దరికీ ఒకటే అర్థమవుతుంది.

బఫర్ చేసేటప్పుడు 1.25 మిల్లీలీటర్లను లీటరు ‘చేయడానికి’ బదులు లీటరు నీటికి ‘కలిపినా’ కొంప మునగదు. వెయ్యికి 1.25 తేడా ఏ కొలజాడీకీ కనపడదు. అదే తప్పు ఒకటికి తొమ్మిది దగ్గర చేస్తే పది శాతం. పైగా అది ఒక్కసారితో ఆగదు. ప్రతి నాళికలో 9 బదులు 10 మిల్లీలీటర్లుంటే ఒక్కో మెట్టు పది రెట్లు కాదు, పదకొండు రెట్లు పలచన చేస్తుంది. ఐదు మెట్లకు లక్ష రెట్లు కావాల్సింది లక్షా 61 వేల రెట్లవుతుంది. ప్లేటు మీద ఉండాల్సిన దానికన్నా తక్కువ కాలనీలు వస్తాయి. మనం 88 కోట్లని రాసిన పెరుగులో నిజానికి 142 కోట్లుంటాయి. వరుస పలచనలో చిన్న తప్పులు కూడుకోవు, హెచ్చవేసుకుంటాయి.

వ్యతిరేక దిశలో జరిగే తప్పు ఇంకా మెత్తనిది, ఎందుకంటే అది ఎవరి చేతి తప్పూ కాదు. నాళికల్లో 9 మిల్లీలీటర్లు కచ్చితంగా కొలిచి పోసి ఆటోక్లేవ్‌లో పెడతాం. బయటికి తీసేసరికి ఆవిరై 8.5 ఉండొచ్చు. అప్పుడు మెట్టుకు తొమ్మిదిన్నర రెట్లే. ఐదు మెట్ల తర్వాత 88 కోట్లని రాసినది నిజానికి 68 కోట్లు. దూది బిరడా వదులుగా ఉన్న నాళికల్లో ఇది ఎక్కువ. బఫర్‌ను సీసాలో విడిగా ఆటోక్లేవ్ చేసి, చల్లారాక శుభ్రమైన నాళికల్లోకి 9 చొప్పున కొలిచి పోస్తే ఈ బాధ ఉండదు. అంత వీలు లేకపోతే ఒక నాళికను ఆటోక్లేవ్‌కు ముందూ తర్వాతా తూచి చూడాలి. అర గ్రాము తగ్గిందంటే అర మిల్లీలీటరు పోయిందని లెక్క.

ఇన్ని మెట్లెందుకు, ఒక్కసారే పలచన చేయరాదా అంటే చేయొచ్చు. పది లక్షల రెట్లంటే ఒక మైక్రోలీటరును లీటరులో కలపాలి. పిపెట్టు కొన మీద అంటుకున్న తడి కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మెట్లు మెట్లుగా వెళ్లడంలో సుఖం ఏమిటంటే ప్రతి కొలతా కంటికి ఆనే కొలత.

ఆ తడి మెట్ల పద్ధతిలోనూ ఊరుకోదు. ఒకే పిపెట్టుతో అన్ని నాళికలూ నడిపితే, దాని ఒంటికి అంటుకున్న ముందు నాళిక ద్రవం తర్వాతి దాంట్లోకి చేరుతుంది. అది పదింతలు చిక్కని ద్రవం. 0.05 మిల్లీలీటరు అంటుకుని పోయినా, కొత్త నాళిక ద్రవం అర మిల్లీలీటరుతో సమానం. లెక్క ఒక్క మెట్టులో సగం పెరిగిపోతుంది. నాళికకో కొత్త పిపెట్టు తీసుకోమనేది అందుకే. టిప్పులు పొదుపు చేసిన తరగతిలో పెరుగు ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది!

ప్లేటు మీద పెరుగు ఎంత?

ఇక మూడు బల్లల పంచాయితీ తేల్చొచ్చు. పెరుగు ఎక్కడెక్కడ ఎంత ఉందో నడుచుకుంటూ పోదాం.

మొదటి సీసాలో పది గ్రాముల పెరుగు, మొత్తం వంద మిల్లీలీటర్ల దగ్గర. ప్రతి మిల్లీలీటరులో పెరుగు గ్రాములో పదో వంతు, అంటే 10⁻¹ గ్రాము. మొదటి నాళికలో మిల్లీలీటరుకు 10⁻², రెండోదాంట్లో 10⁻³. ఐదో నాళికకు వచ్చేసరికి మిల్లీలీటరుకు 10⁻⁶ గ్రాము. అందులోంచి ప్లేటు మీదికి మిల్లీలీటరు కాదు, అందులో పదో వంతే వెళ్లింది. కాబట్టి ప్లేటు మీదున్న పెరుగు 10⁻⁷ గ్రాము, గ్రాములో కోటో వంతు.

గ్రాములో కోటో వంతు పెరుగు 88 కాలనీలు ఇచ్చింది. గ్రాము పెరుగు ఎన్ని ఇస్తుంది? 88 కోట్లు. మూడో బల్ల వాళ్లది సరైన జవాబు.

8.8 కోట్ల జవాబుకు రెండు దారులున్నాయి. ఒకటి, ప్లేటు మీద పరిచింది 0.1 మిల్లీలీటరని మరిచిపోయి పలచనతోనే హెచ్చవేయడం. రెండోది, ఐదో నాళిక కదా అని 10⁻⁵ అనుకోవడం. పెరుగును మొదట సీసాలో కలిపినప్పుడే ఒక మెట్టు అయిపోయిందని వాళ్ల లెక్కలోకి రాలేదు. నాళికలకు 1, 2, 3 అని అంకెలు వేసే అలవాటు ఈ తప్పును పిలిచి పీట వేస్తుంది. గాజు మీద నాళిక వరుస సంఖ్య బదులు 10⁻², 10⁻³ అని రాస్తే ఆ అంకే లెక్కగా పనికొస్తుంది.

88 లక్షలకు కూడా రెండు దారులు. పై రెండు తప్పులూ కలిసి చేస్తే వంద రెట్లు తగ్గి అక్కడికే వస్తారు. లేదా 0.1తో భాగించాల్సిన చోట హెచ్చవేసినా అక్కడికే. భాగించాలా, హెచ్చవేయాలా అని తడబడేవాళ్లకు పెరుగు ఎంతుందన్న ప్రశ్నే దారి చూపిస్తుంది. ప్లేటు మీద తక్కువ పెరుగు వేసినప్పుడు గ్రాముకు లెక్క పెరగాలి తప్ప తగ్గకూడదు.

ఈ లెక్కలోకి రాకూడని ఒక సంఖ్య తరచూ వచ్చి కూర్చుంటుంది. ద్రవాన్ని పైన పరచకుండా, కరిగిన అగర్‌తో కలిపి పోసే పద్ధతిలో ప్లేటులోకి ఒక మిల్లీలీటరు వేసి దాని మీద 15 నుంచి 20 మిల్లీలీటర్ల అగర్ పోస్తారు. ‘మళ్లీ పలచనైంది కదా’ అని ఇరవైతో హెచ్చవేసేవాళ్లుంటారు. ఇక్కడ మనం గాఢత కొలవడం లేదు, ప్లేటులో ఉన్న అన్ని కాలనీలనూ లెక్కపెడుతున్నాం. అగర్ పది మిల్లీలీటర్లున్నా యాభై ఉన్నా వాటి సంఖ్య మారదు. అగర్ నుంచి ఒక ముక్క కోసి అందులోవి మాత్రమే లెక్కపెడితే అప్పుడు అది లెక్కలోకి వస్తుంది.

పక్క ప్లేటు చెప్పే సాక్ష్యం

కాలనీలు 25 నుంచి 250 దాకా ఉన్న ప్లేట్లనే లెక్కకు తీసుకోమని పైన చెప్పిన అమెరికా మాన్యువల్ అంటుంది. అంతకన్నా ఎక్కువైతే ఒకదాన్నొకటి ఆనుకుని కలిసిపోతాయి. తక్కువైతే యాదృచ్ఛికం రాజ్యమేలుతుంది. మన 88 ఆ హద్దుల లోపలే ఉంది. అయినా 10⁻⁷ నాళిక ఒకటి అదనంగా చేసి, దాన్నీ మూడు ప్లేట్ల మీద పరిస్తే మంచి సాక్షి అవుతుంది. అక్కడ ప్లేటుకు సుమారు 9 రావాలి. 6 వచ్చినా 12 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. 25 వచ్చిందంటే మాత్రం చిక్కని నాళికలోంచి తడి మోసుకొచ్చారన్నమాట, లేదా నాళికను సరిగా కలపలేదు.

ఈ సాక్షికి కనపడని తప్పులూ ఉన్నాయి. పది బదులు పదకొండు మిల్లీలీటర్లయినప్పుడు 88కి ఎదురుగా 8 వస్తుంది. అది 9కి ఎంత దగ్గరంటే తప్పని ఎవరూ అనలేరు. ప్రతి మెట్టులోనూ ఒకేలా జరిగే తప్పును ప్లేట్లు దాచేస్తాయి. దాన్ని పట్టుకోవడానికి కొలజాడీ, తక్కెడ తప్ప దిక్కు లేదు.

క్యాలిక్యులేటర్ చూపించిన అంకెలన్నీ వర్క్‌షీట్‌లోకి దించేయడం మరో జబ్బు. ఒక్క కాలనీ ఎక్కువై సగటు 88.33 వస్తే గ్రాముకు 88,33,00,000 అని రాస్తారు. మూడు ప్లేట్లలో కలిపి లెక్కపెట్టినవి 265 కాలనీలే. అలాంటి లెక్కలో యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట దాని వర్గమూలమంత, అంటే 16. నూటికి ఆరు. కోట్లలో చెబితే 83 నుంచి 94 మధ్య ఎక్కడో. మూడో అంకె రాసే హక్కు ఈ ప్రయోగం ఇవ్వదు. 8.8 × 10⁸ అని రాసి ఆపేయాలి, పక్కన ‘గ్రాముకు’ అన్న మాట మరవకుండా.

ఆ తర్వాత మరో మాట కూడా రాయాలి: అవి బ్యాక్టీరియా కావు, కాలనీ కట్టగల ముక్కలు. పెరుగు బ్యాక్టీరియా గొలుసులుగా అంటుకుని ఉంటాయి. పది కణాల గొలుసు ప్లేటు మీద పడితే ఒకటే చుక్క మొలుస్తుంది. ఆ గొలుసు నాళికలో తెగిందా లేదా అన్నది కుదిపే చేతి మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక్కో సీసాను 30 సెంటీమీటర్ల మేర, ఏడు సెకన్లలో 25 సార్లు కుదపమని అదే మాన్యువల్ చెబుతుంది. రెండు బల్లల వాళ్లు లెక్క సరిగ్గా చేసి కూడా వేరే సంఖ్యలు తెస్తే, క్యాలిక్యులేటర్ దగ్గరికి వెళ్లేముందు ఎవరు ఎన్నిసార్లు కుదిపారో అడగాలి.